రాయని చోట సున్నా వేయడం ఆపేశాం

“కేస్ షీట్‌లో షుగర్ సంగతి అసలు రాయకపోతే లేనట్టే కదా, సున్నా వేసేయండి” అన్నారు పోయిన వారం మాకు డిసర్టేషన్ డేటా ఎంట్రీ పని ఇచ్చిన ఒక పీజీ డాక్టర్.

వేయమండీ. ఒకసారి వేసి తప్పు చేశాం, అది మీ అందరికీ చెప్పాలి.

ఒక డిసర్టేషన్ కోసం 120 కేస్ షీట్లు ఎక్సెల్‌లోకి ఎక్కించాం. షుగర్ కాలమ్‌లో 38 మందికి 1, మిగతా 82 మందికి 0 వచ్చింది. లెక్క ప్రకారం 31.7 శాతం. గైడ్‌కి అనుమానం వచ్చి అడిగితే కాగితాలన్నీ మళ్లీ తిరగేశాం. 61 షీట్లలో డీఎం అన్న చోట మైనస్ గుర్తు స్పష్టంగా ఉంది. తక్కిన 21లో ఆ వరుసే ఖాళీ. అంటే ఆ 21 మందిని ఎవరూ అడగలేదో, అడిగినా రాయలేదో మనకు తెలియదు. వాళ్లను పక్కన పెడితే 99 మందిలో 38, అంటే 38.4 శాతం. టైప్ చేసినవాళ్ల అలవాటు ఒక్కటే ఫలితాన్ని అంత మార్చేసింది.

ఆ ఖాళీ షీట్లలో ఒకదాని వెనకపేజీ మందుల చార్టులో మెట్‌ఫార్మిన్ కనిపించింది. అప్పుడు నిజంగా గుండె జారింది. అయినా దాన్ని చూసి మేం 1 వేయలేదు. ఆ మందు షుగర్‌కే కాదు, పీసీఓఎస్‌కీ ఇస్తారు. అది తేల్చాల్సింది మీరూ మీ గైడూ.

ఇప్పుడు ప్రతి అవును-కాదు కాలమ్‌లో మూడే అంకెలు: ఉందని రాస్తే 1, లేదని రాస్తే 0, ఏమీ రాయకపోతే 9. డేటా వాలిడేషన్ పెట్టాం కాబట్టి వేరేది టైప్ చేస్తే గడి తీసుకోదు. మందుల చార్టు లాంటి ఆధారం దొరికితే పక్కన రిమార్క్స్‌లో రాస్తాం. ఫైల్ ఇచ్చేముందు ఇలా లెక్కపెడతాం:

```
=COUNTIF(F2:F121,9)
```

ఆ సంఖ్య మీ థీసిస్‌లో కూడా రాయండి. ఎస్‌పీఎస్‌ఎస్‌లో 9ని మిస్సింగ్‌గా చూపించడం మరవకండి, లేకపోతే అదీ ఒక జవాబుగా లెక్కలోకి వచ్చేస్తుంది. హిమోగ్లోబిన్ లాంటి అంకెల కాలమ్‌లో మాత్రం 9 వేయం, ఎందుకంటే అది నిజమైన విలువే కావచ్చు. అక్కడ గడి ఖాళీగా వదిలేస్తాం. సగటు తీసేటప్పుడు ఎక్సెల్ ఖాళీ గడిని వదిలేస్తుంది, సున్నాని మాత్రం కలిపేస్తుంది.

ఇలా చూసి ఎక్కించడానికి ముందుకంటే టైమ్ ఎక్కువ పడుతోంది. పాత పద్ధతిలో ఫైల్ తీసుకున్నవాళ్లు కేస్ షీట్లు మళ్లీ చూపిస్తే ఆ కాలమ్‌లన్నీ మా ఖర్చుతోనే సరిచేసి ఇస్తాం. సబ్మిషన్ దగ్గర పడినవాళ్లు ముందు రండి.