ఓటీపీ చెప్పకపోయినా వాట్సాప్ పోతోంది

సంపాదకుడు గారికి,

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులూ పోలీసులూ రోజూ చెబుతూనే ఉన్నారు. మంచిదే. కానీ ఓటీపీ నోరు జారకుండానే వాట్సాప్ ఖాతా పోగొట్టుకుంటున్నవాళ్లున్నారు. పోయాక మొదటి గంటలో ఏం చేయాలో వాళ్లకు చెప్పేవారే కనబడటం లేదు.

మా బడిలో లెక్కల టీచరు గారికి ఈమధ్య జరిగింది ఇదే. కొరియర్ కుర్రాడినంటూ ఒకడు ఫోన్ చేశాడు. “మేడమ్, మీ పార్సిల్ వచ్చింది, అడ్రస్ దొరకట్లేదు. నేను మెసేజ్ పెట్టిన నంబర్ ఒకసారి డయల్ చేయండి, డెలివరీ బాయ్ లైన్లోకి వస్తాడు” అన్నాడు. ముందు *21*, తర్వాత పది అంకెలు, చివర #. ఆవిడ నొక్కారు. తెర మీద ఇంగ్లీషులో ఏదో సక్సెస్‌ఫుల్ అని వచ్చింది, పార్సిల్ పని అయిందనుకున్నారు. నిజానికి అది ఆవిడకు వచ్చే కాల్స్ అన్నీ వాడి ఫోన్‌కి మళ్లించే ఆదేశం. ఆ వెంటనే వాడు తన ఫోన్‌లో ఆవిడ నంబరుతో వాట్సాప్ తెరిచాడు. ఆరంకెల కోడ్‌ని మెసేజ్‌గానే కాదు, కాల్ చేసి చదివి వినిపించమని కూడా అడగొచ్చు. ఆ కాల్ నేరుగా వాడికే పోయింది.

పాత చాట్‌లు వాడికి దొరకవు, అవి ఆవిడ ఫోన్‌లోనే ఉంటాయి. కానీ గ్రూపులు దొరుకుతాయి, వాటితోపాటు అందులో ఉన్నవాళ్ల నంబర్లూ దొరుకుతాయి. పదో తరగతి పేరెంట్స్ గ్రూపులో ఉన్నవాళ్లకి “ఆస్పత్రిలో ఉన్నాం, అర్జెంటుగా పదిహేను వేలు కావాలి” అని మెసేజ్‌లు వెళ్లాయి. టీచరమ్మ అడిగిందంటే కాదనేదెవరు? ఒక పిల్లాడి తండ్రి పంపేశారు.

టెన్షన్‌లో ఆవిడ యాప్ తీసేసి మళ్లీ వేసి, కోడ్ కోసం కాల్ అడుగుతూ పోయారు. ప్రతి కోడూ దొంగకే చేరింది, మళ్లీ అడగడానికి ఆగాల్సిన సమయమూ పెరుగుతూ పోయింది. ముందుగా చేయాల్సింది ##002# డయల్ చేయడం. దాంతో కాల్ ఫార్వర్డింగ్ అంతా రద్దవుతుంది. *#21# కొడితే ఇంకా ఏమైనా మిగిలిందేమో తెలుస్తుంది. ఆ తర్వాత వాట్సాప్‌లో మన నంబరు ఇచ్చి, కోడ్‌ని ఎస్సెమ్మెస్‌లోనే తెప్పించుకోవాలి. కాల్ ఫార్వర్డింగ్ ఎస్సెమ్మెస్‌లను మళ్లించలేదు. ఆ కోడ్ కొట్టిన క్షణంలోనే దొంగ ఫోన్‌లో ఖాతా మూతపడుతుంది.

చాలామంది ఆశ వదులుకునేది ఆ తర్వాతి మెట్టు దగ్గర. దొంగ అప్పటికే తన సొంత పిన్ పెట్టి ఉంటే వాట్సాప్ దాన్ని అడుగుతుంది. మనకు తెలియదు కాబట్టి 7 రోజులు ఆగమంటుంది. ఆ వారమంతా ఖాతా దొంగ చేతిలోనే ఉంటుందనుకుని సిమ్ మార్చేస్తున్నారు. అలా కాదు. మనం ఎస్సెమ్మెస్ కోడ్ కొట్టాక మనమూ వాడలేం, వాడూ వాడలేడు. వారం తర్వాత పిన్ లేకుండానే ఖాతా మన చేతికి వస్తుంది. అప్పుడు సెట్టింగ్స్‌లో ‘లింక్డ్ డివైసెస్’ చూసి, మనవి కానివన్నీ లాగౌట్ చేయాలి. ఈలోగా తెలిసినవాళ్లకి ఫోన్ చేసి డబ్బు పంపొద్దని చెప్పుకోవడమే మార్గం.

దీన్ని ముందే ఆపేదీ ఆ పిన్నే. సెట్టింగ్స్‌లో ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ కింద మనమే ఆరంకెల పిన్ పెట్టుకుని ఉంటే, కోడ్ దొంగ చెవిన పడ్డా పిన్ దగ్గర ఆగిపోతాడు. అక్కడే ఈమెయిల్ కూడా ఇవ్వాలి, పిన్ మర్చిపోతే మార్చుకునేది దాని ద్వారానే. మా స్టాఫ్‌రూమ్‌లో అడిగితే అది పెట్టుకున్నవాళ్లు ఇద్దరే తేలారు.

స్టేషన్‌కి వెళ్తే “యాప్ వాళ్లనే అడగండమ్మా” అని పంపేశారట. డబ్బు పంపిన తండ్రికి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలని చెప్పినవారూ లేరు. ఆయనకు తెలిసేసరికి మర్నాడైంది. ఈ ఫిర్యాదు డబ్బు పోయినవాళ్లు, లావాదేవీ నంబరుతో, వీలైనంత త్వరగా చేస్తేనే ఆ సొమ్ము ఎదుటి ఖాతాలో ఉండగానే ఆపే వీలుంటుంది.

డయల్ కోడ్‌లతో కాల్ ఫార్వర్డింగ్‌ని 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపేయాలని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. అయినా మా టీచరమ్మ ఫోన్‌లో అది పనిచేసింది. ఆ ఆదేశం ఎంతవరకు అమలైందో శాఖ బయటపెట్టాలి. ఫార్వర్డింగ్ పెట్టగానే “మీ కాల్స్ ఫలానా నంబరుకి మళ్లించమంటారా?” అని తెలుగులో ఎస్సెమ్మెస్ పంపి, వినియోగదారు అవునన్నాకే అమలు చేసేలా కంపెనీలకు నిబంధన పెట్టాలి. ##002#, 1930 రెండూ రాసిన బోర్డు ప్రతి పోలీస్ స్టేషన్ గుమ్మం దగ్గర పెట్టడానికి జిల్లా ఎస్పీ కార్యాలయం అనుమతి చాలు.

– ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు, తణుకు