బాబు నిద్రలో బోర్లా పడటం మొదలుపెట్టినప్పుడు మాకు దారి చూపించిన అందరికీ కృతజ్ఞతలు

మూడు వారాల కింద అర్ధరాత్రి నేను ఏడుస్తూ ఫోన్ చేస్తే విసుక్కోకుండా ఎత్తి, అరగంట ఓపిగ్గా మాట్లాడిన నర్సు అక్కకీ, మర్నాడు మా ప్రశ్నలన్నీ విని జవాబు చెప్పిన పిల్లల డాక్టరు గారికీ, మా లాంటి రాత్రులే గడిపి తమ అనుభవం చెప్పిన తల్లులందరికీ ముందుగా మనస్ఫూర్తిగా థాంక్స్.

మా బాబుకి అప్పుడు నాలుగున్నర నెలలు. వెల్లకిలా పడుకోబెట్టిన వాడు ఆ రాత్రి చూస్తే బోర్లా ఉన్నాడు. తిప్పి పడుకోబెట్టాను, పావుగంటలో మళ్ళీ బోర్లా. ఇలా నాలుగు రాత్రులు నేనూ మా ఆయనా వంతులేసుకుని కాపలా కూర్చున్నాం. ఐదో రోజు ఇక ఓపిక లేక, కదలకుండా ఉంటాడని రెండు వైపులా దిండ్లు పెట్టి, చేతులు లోపలే ఉండేలా పల్చటి గుడ్డలో చుట్టి పడుకోబెట్టాను. ఆ మాట చెప్పగానే అక్క, "ముందు వెళ్ళి ఆ దిండ్లు తీసెయ్యి, గుడ్డ విప్పెయ్యి, తర్వాత మాట్లాడుకుందాం" అంది. ఫోన్ పక్కన పెట్టి తీసేసి వచ్చాను.

ఎందుకో తర్వాత చెప్పింది. మెత్తటి దిండుకి ముఖం ఆనుకుంటే ఊపిరి అందదు, పైగా వదిలిన గాలినే మళ్ళీ పీలుస్తుంటాడు, అక్కడి నుంచి తల జరుపుకునే బలం ఆ వయసు పిల్లలందరికీ ఉండదు. చేతులు చుట్టేసిన బిడ్డ బోర్లా పడితే చేతులు ఊని తల ఎత్తే దారే లేదు. అందుకే దొర్లే ప్రయత్నం కనిపించిన రోజు నుంచే చుట్టడం పూర్తిగా మానెయ్యాలి. నేను చేసింది సరిగ్గా దానికి ఎదురు. పక్కకి దొర్లకుండా ఆపుతాయని అమ్మే మెత్తలూ వద్దనే డాక్టరు గారు కూడా చెప్పారు. గట్టి, సమతలంగా ఉన్న పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన దుప్పటి, బిడ్డ, అంతే. మా పెద్ద మంచం మీద నుంచి దొర్లి పడే భయం కూడా ఉంది కాబట్టి వాడికి మా గదిలోనే మంచం పక్కన విడిగా తొట్టి మంచం వేశాం.

అసలు నాకు తెలియని విషయం ఇంకోటి. బోర్లా పడటం వచ్చిందా అని ఒక్కటే చూస్తే చాలదట, బోర్లా పడ్డాక తనంతట తాను మళ్ళీ వెల్లకిలా తిరగగలుగుతున్నాడా అన్నది కూడా చూడాలట. మా వాడికి అప్పటికి మొదటిదే వచ్చు. అలాంటప్పుడు బోర్లా ఉండటం చూస్తే మెల్లగా వెల్లకిలా తిప్పాలి, అంతేగానీ రాత్రంతా మేలుకుని ఉండక్కర్లేదు. ఎందుకంటే నిద్ర లేక, బిడ్డని ఎత్తుకుని సోఫాలో కూర్చుని అలాగే నిద్రపోతే అది ఇంకా ప్రమాదం (ఒక రాత్రి నేను కునుకు తీసింది సోఫాలోనే, అది గుర్తొస్తే ఇప్పటికీ భయం వేస్తుంది).

ఇక పగటి సాధన. మేలుకుని ఉన్నప్పుడు, మేం పక్కనే ఉండి, నేల మీద చాప వేసి రోజుకి నాలుగైదు సార్లు బోర్లా పడుకోబెట్టేవాళ్ళం, విసుగొచ్చి ఏడిస్తే ఆపేసేవాళ్ళం. గమనిస్తే వాడికి ఇబ్బంది ఎక్కడో తెలిసింది. ఒక చెయ్యి పొట్ట కింద ఇరుక్కుపోయేది, దాన్ని బయటికి లాక్కోలేక ఏడ్చేవాడు. అక్క చెప్పినట్టు గిలక్కాయని కళ్ళ ముందు నుంచి మెల్లగా పక్కకీ, పైకీ తిప్పితే తల దాని వెంటే తిరిగేది, అప్పుడు తుంటి దగ్గర కాస్త ఊతం ఇస్తే చాలు, దొర్లేవాడు. వారం గడిచేసరికి మా చెయ్యి అవసరం తగ్గింది. పదకొండో రోజు కుడి వైపు నుంచి సొంతంగా వెల్లకిలా తిరిగాడు, ఎడమ వైపు నుంచి రావడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఒక్కసారి తిరిగితే అది పొరపాటున జరిగింది కూడా కావచ్చు కదా, అందుకే రెండు మూడు రోజులు వరసగా, ఎవరి సాయం లేకుండా, అటూ ఇటూ సులువుగా తిరగడం చూశాకే వచ్చేసినట్టు లెక్కేసుకున్నాం.

ఇప్పుడు చేస్తున్నది ఇది: ప్రతిసారీ, పగటి నిద్రకైనా సరే, వెల్లకిలానే పడుకోబెడతాం, ఏడాది నిండే దాకా అంతే. అలా పడుకోబెట్టాక నిద్రలో వాడు తనంతట తాను బోర్లా తిరిగితే మాత్రం కదపం. అలా సొంతంగా అటూ ఇటూ దొర్లే బిడ్డకి మెడ, భుజాల బలం వచ్చేసి ఉంటుంది, ముఖం పక్కకి తిప్పుకోగలడు. కానీ ఆ వెసులుబాటు తొట్టిలో దిండ్లూ బొమ్మలూ మెత్తటి దుప్పట్లూ లేనప్పుడే. మేమే బోర్లా పడుకోబెట్టడం మాత్రం ఇప్పటికీ చెయ్యం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, కండరాల బలహీనత ఉన్న పిల్లల విషయంలో ఎప్పుడు వదిలెయ్యాలో వాళ్ళ డాక్టరునే అడగాలని కూడా చెప్పారు.

నిన్న రాత్రి రెండింటికి లేచి చూస్తే బోర్లా పడుకుని, బుగ్గ పరుపుకి ఆనించి, ముఖం పక్కకి తిప్పుకుని నిద్రపోతున్నాడు. కాసేపు ఊపిరి చూసి, తిప్పకుండా వచ్చి పడుకున్నాను. అక్కా, నీకు రుణపడి ఉంటాను.