కైలాస దేవాలయం లెక్కలు: మీ ఆదివారం వ్యాసంపై

సంపాదకులకు నమస్కారం.

ఎల్లోరా కైలాస దేవాలయంపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బొమ్మలతో సహా బాగుంది. కానీ ‘4 లక్షల టన్నుల రాయిని మనుషులు తొలిచారంటే నమ్మలేం’ అన్న మాటను మా జిల్లా పిల్లలు చదువుతారు కాబట్టి ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. ఆ ప్రాంగణం పొడవు సుమారు 82 మీటర్లు, వెడల్పు 46, వెనక వైపు లోతు 30 పైచిలుకు. లోతంతా 30 అనుకుని, కొండ వాలును లెక్కలోంచి తీసేసి, మధ్యలో గుడే లేదనుకుని మొత్తం పెట్టెలా తవ్వినా సుమారు 1,13,000 ఘనపు మీటర్లే. అక్కడిది నల్లరాయి, అంటే బసాల్ట్. ఘనపు మీటరు 2.9 టన్నుల చొప్పున వేస్తే 3.3 లక్షల టన్నులవుతుంది. వాలు వల్ల ముందు వైపు లోతు బాగా తగ్గుతుంది, గుడి మొత్తం లోపలే మిగిలింది. పక్క గోడల్లో తొలిచిన గదులను కలుపుకున్నా తరచూ చెప్పే 2 లక్షల టన్నులే సబబుగా కనిపిస్తుంది. ఆ 2 లక్షలంటే సుమారు 69,000 ఘనపు మీటర్లు. ఒక మనిషి రోజుకు మూడున్నర ఘనపుటడుగులు కొట్టాడనుకుందాం. 300 మంది ఏడాదికి 250 రోజులు పనిచేస్తే తొమ్మిదేళ్ల పైచిలుకు. గట్టి రాయి, అందులో సగమే తెగుతుందంటే 600 మందిని పెట్టాలి. శిల్పం పని దీనికి అదనం. రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుడికి (క్రీ.శ. 756–773) ఇది అసాధ్యమేమీ కాదు.

అసలు తెలుసుకోవాల్సింది పని వరస. కొండ పైనుంచి మూడు కందకాలు దించారు. రెండు పక్కల పొడవుగా రెండు, వాటిని కలుపుతూ వెనక ఒకటి. మధ్యలో దిమ్మ మిగిలింది. ఒక్కో మట్టం దిగుతున్నకొద్దీ కందకం ముందు కొస వాలు మీదికి తెరుచుకుంటుంది కనుక ముక్కలను చాలావరకు పైకి ఎత్తే పనే ఉండదు, ముందుకు లాగి పారేయడమే. బావి తవ్వకానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. మా టెక్కలి క్వారీల్లోనూ దిమ్మ చుట్టూ ముందు విడదీస్తారు, కానీ ఆ దిమ్మను తరలించుకుపోవాలి. ఇక్కడ దిమ్మ కదలకూడదు, చుట్టూ ఉన్నది ఎలా పగిలినా పరవాలేదు. అయితే గుడి ముఖానికి దగ్గరయ్యేకొద్దీ సమ్మెట ఆపి చిన్న ఉలికి దిగాలి. పెద్ద దెబ్బకు పుట్టిన సన్నని పగులు లోపలికి పాకితే దాన్ని మాపే దారి లేదు.

పైనుంచే ఎందుకంటే, దిగువన శిల్పం పూర్తయ్యాక పైన రాయి కొడితే పడే ముక్క కింది బొమ్మ ముక్కు తీసుకెళ్తుంది. పైగా పరంజా అక్కర్లేదు, ఇంకా తవ్వని రాయే నిలబడే చోటు. మండపం కప్పు మీద తామర, నాలుగు సింహాలు ముందు తేలాయి. అడుగున ఏనుగుల వరస ఆఖర్న వచ్చింది. అందుకే కొలతలన్నీ శిఖరం చెక్కే రోజుకే తేలిపోవాలి. నంది మండపాన్ని గుడికి కలిపే వంతెన రాయిని కూడా దాని కింద తవ్వేటప్పుడు వదిలిపెట్టాలి. ఒకసారి కొట్టేస్తే అతికించలేరు. ఈ సంగతి శిల్పులకు తెలియనిది కాదు. నమూనాగా పట్టదకల్ విరూపాక్షాలయం అప్పటికే కట్టి ఉంది.

ఈ వరసకు కళ్లెదుటి సాక్ష్యం కావాలంటే తమిళనాడులోని కళుగుమలైకి వెళ్లాలి. 8వ శతాబ్దపు పాండ్యుల వెట్టువాన్ కోయిల్‌ మధ్యలో ఆగిపోయింది. శిఖరం మీద బొమ్మలు నునుపుగా పూర్తయి ఉంటాయి, అడుగు ఇంకా మొద్దు రాయే. కింది నుంచి మొదలుపెట్టి ఉంటే ఆగిపోయిన గుడి దీనికి తలకిందులుగా కనిపించేది.

మన ఉత్తరాంధ్రలోనే అనకాపల్లి పక్కన శంకరం దగ్గరి బొజ్జన్నకొండ, లింగాలకొండల మీద ఏకశిలా స్తూపాలున్నాయి. పెద్ద స్తూపాన్ని రాతిలోనే మలిచి పైన ఇటుక కప్పారు. స్కూళ్ల విహారయాత్రలు అక్కడికి వెళ్తుంటాయి. ఏ భాగం తొలిచింది, ఏది పేర్చింది, ఎక్కడ నుంచి మొదలుపెట్టారన్నది చూపే ఒక అడ్డుకోత బొమ్మను పర్యాటక శాఖ అక్కడ పెట్టించాలి. మీరు కూడా కందకాల బొమ్మ ఒకటి గీయించి, పైనున్న లెక్కతో పాటు వచ్చే ఆదివారం వేయగలరు.

రాతి పని తెలిసిన పాఠకులు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా