99 రూపాయల వాచీ, 340 రూపాయల ఖర్చు

సంపాదకులు గారికి,

సిమ్ ఉండే స్మార్ట్ వాచీల ప్రకటనలు ఇప్పుడు హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల షాపుల్లోనూ కనిపిస్తున్నాయి. 'నెలకు 99 రూపాయలే, మీ నంబరే వాచీలో' అని రాస్తున్నారు. అది అబద్ధం కాదు. కానీ ఆ 99 వెనక ఇంకేం ఉందో కొనేముందు ఎవరూ చెప్పరు. నాకు చెప్పలేదు.

నేను రిటైర్డ్ టీచర్‌ని. పొద్దున్నే భద్రకాళి బండ్ మీద నడవడం అలవాటు. ఫోన్ మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. "నాయినా, ఎక్కడన్న కళ్లు తిరిగి పడితే ఎవరికి తెలుస్తది?" అని మా బిడ్డ హైదరాబాద్ నుంచి రోజూ పోరు. చివరికి నా ఐఫోన్‌కు జతగా యాపిల్ వాచీ తెచ్చిచ్చింది. సిమ్ లేని మోడల్ కంటే 10 వేలు ఎక్కువ పెట్టి, సెల్యులార్ మోడలే కొన్నది.

వాచీలో సిమ్ కార్డు పెట్టే చోటు ఉండదు. లోపలే ఈ-సిమ్ ఉంటుంది. నెట్‌వర్క్ దాన్ని వేరే కనెక్షన్‌గానే గుర్తిస్తుంది, కానీ నా నంబర్‌తో ముడి వేస్తుంది. అందుకే నాకెవరైనా ఫోన్ చేస్తే రెండూ మోగుతాయి. వాచీ నుంచి నేను చేస్తే అవతలివాళ్లకు నా పాత నంబరే కనిపిస్తుంది. ఫోన్ దగ్గర్లో ఉన్నంతసేపు వాచీ బ్లూటూత్ మీదే నడుస్తుంది. దూరం పోయాకే సొంతంగా టవర్ పట్టుకుంటుంది. ఫోన్‌లో ఏ కంపెనీ సిమ్ ఉందో, వాచీ కనెక్షన్ కూడా ఆ కంపెనీ నుంచే తీసుకోవాలి.

నా లెక్క అక్కడే తప్పింది. నాది ప్రీపెయిడ్. 84 రోజులకు 859 రూపాయలు వేయించేవాణ్ణి, అంటే నెలకు 307 దాకా పడేది. వాచీ సదుపాయం పోస్ట్‌పెయిడ్ వాళ్లకేనని మా కంపెనీ స్టోర్‌లో చెప్పారు. సరే అని మారాను. ప్లాన్ 449. ప్రీపెయిడ్ రీచార్జ్ ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది, పోస్ట్‌పెయిడ్‌లో బిల్లు మీద వేస్తారు. 18 శాతం కలిపితే 530. వాచీ 99 కూడా జీఎస్టీతో 117 అయింది. మొత్తం 647. అంటే పాత ఖర్చు మీద నెలకు 340 పెరిగింది, ఏడాదికి 4 వేల పైమాటే. కౌంటర్ దగ్గర మాత్రం నేను విన్నది ఒక్కటే మాట: "99 అంతే సార్." అన్ని కంపెనీల రేట్లు, షరతులు ఒకటి కావు, కాబట్టి మీది ప్రీపెయిడ్ అయితే ఈ ప్రశ్న ముందే అడగండి.

ఇంకో సంగతి నడకలోనే తెలిసింది. ఒకరోజు ఫోన్ చార్జింగ్ అయిపోయి ఇంట్లో ఆఫ్ అయి ఉంది. బండ్ మీద వాచీకి మా బిడ్డ కాల్ చక్కగా వచ్చింది. బ్యాంకు ఓటీపీ మాత్రం రాలేదు. ఇంటికొచ్చి ఫోన్ ఆన్ చేశాక వరసగా మెసేజ్‌లు పడ్డాయి. మామూలు ఎస్ఎంఎస్‌లు ఫోన్ మీదుగానే వాచీకి చేరతాయట. కాబట్టి ఫోన్ ఇంట్లో ఉన్నా ఫరవాలేదు, ఆన్‌లో ఉండి దానికి నెట్‌వర్క్ అందాలి. ఇది తెలియక వాచీ పాడైందని నేను షాపుకు రెండుసార్లు తిరిగాను.

కొన్నవాళ్లు షాపు దాటకముందే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. ఫోన్ స్విచాఫ్ చేసి, వాచీలో కంట్రోల్ సెంటర్ తెరవండి. టవర్ గుర్తు పచ్చగా మారితే సొంత సిగ్నల్ వచ్చినట్టే. పక్కవాళ్ల ఫోన్ నుంచి మీ నంబర్‌కు కాల్ చేయించి, వాచీ మోగుతుందో లేదో చూడండి. వాచీ మీదే ఎక్కువసేపు మాట్లాడితే బ్యాటరీ గంటన్నరకే దిగిపోతుందని కూడా మనసులో పెట్టుకోండి.

మానేయాలనుకున్నప్పుడు ఇంకో చిక్కుంది. అద్దం పగిలి వాచీ రిపేరుకు ఇచ్చినప్పుడు ఫోన్ నుంచి దాన్ని తీసేశాను. చందా కూడా ఆగిపోయిందనుకున్నాను. తర్వాతి రెండు బిల్లుల్లోనూ ఆ 117 అట్లాగే ఉంది. వాచీని తీసేయడం వేరు, కంపెనీకి చెప్పి కనెక్షన్ రద్దు చేయించుకోవడం వేరు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి రద్దు చేయించాను కానీ, కట్టిన 234 తిరిగి రాలేదు.

నేను కోరేది పెద్దదేం కాదు. వాచీ అమ్మే చోట 99 పక్కనే జీఎస్టీతో ఎంతో, ప్రీపెయిడ్‌కు వర్తిస్తుందో లేదో, రద్దు ఎలా చేసుకోవాలో తెలుగులో ఒక కాగితం మీద రాసి పెట్టించండి. కస్టమర్ సంతకం పెట్టే ముందు నెలవారీ మొత్తం చూపించాలని కంపెనీలకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాలి. వాచీని మాత్రం నేను వదల్లేదు. రిపేరై రాగానే కనెక్షన్ మళ్లీ తీసుకుని పెట్టుకున్నా. బండ్ మీద ఆరు దాటిందంటే మా బిడ్డ ఫోన్ వస్తుంది, చెయ్యెత్తి మాట్లాడుతుంటే తోటి నడకవాళ్లు నవ్వుకుంటున్నారు.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, హనుమకొండ