హాస్టల్ సీటుకు దరఖాస్తు చేసే తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు నమస్కారం.

హాస్టల్ ఫారాలు ఆఫీసులో ఇస్తున్నాం. ముందు ఇచ్చినవారికే సీటు అనుకుని చాలామంది సగం నింపి ఇచ్చేస్తారు. ఫారం ఇచ్చిన తేదీ చూసేది ఇద్దరు అన్నిట్లోనూ సమానంగా నిలిచినప్పుడు మాత్రమే. మొదట, చూసుకునే పెద్దలు లేని పిల్లలకు, తర్వాత ఆరోగ్య కారణాలున్నవారికి, ఆ తర్వాత రోజూ వచ్చి పోవడం కష్టమైనవారికి ఇస్తాం.

ఆ మూడో వరుసలోనే పొరపాట్లు ఎక్కువ. ఒక ఇల్లు బడికి 35 కిలోమీటర్లు, కానీ ఒకే బస్సు, గంట ప్రయాణం. ఇంకో ఇల్లు 22 కిలోమీటర్లే, రెండు బస్సులు మారాలి, రెండు గంటలు పడుతుంది. సీటు రెండో బిడ్డకే రావాలి. ఆ తండ్రి ఫారంలో "22 కి.మీ." అని రాసి ఊరుకుంటే మాత్రం వెనకబడిపోతుంది. ఎన్నిచోట్ల మారాలో, ఇంటి గుమ్మం నుంచి ఎంతసేపో రాయండి. వైద్యుడి కాగితం ఉంటే ఫారంతోనే జతచేయండి. ఆలస్యంగా ఇస్తే సీటు దొరకొచ్చు గానీ, కింది అంతస్తు గదులు అప్పటికే నిండిపోతాయి.

గది మార్పు అర్జీలు మొదటి మూడు వారాలు తీసుకోం. తొలి వారంలో వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు కొత్తదనం వల్లే. ఎవరైనా ఏడిపిస్తున్నా, కొడుతున్నా ఈ గడువు వర్తించదు. అర్జీ రాస్తూ కూర్చోకుండా అదే రోజు వార్డెన్‌కు చెప్పండి. గడువు దాటాక ఇద్దరు పిల్లలు పరస్పరం మారతామంటే రెండు ఇళ్ల సంతకాలు కావాలి.

పిల్లలు తమలో తాము మారిపోతే చిక్కు డిపాజిట్ దగ్గర తేలుతుంది. నలుగురుండే 12వ గదిలోని అమ్మాయి చెప్పకుండా 15వ గదికి వెళ్లిందనుకోండి. తర్వాత 12లో కిటికీ అద్దం పగిలింది, ఎవరు పగలగొట్టారో తెలియలేదు. ఖర్చు నాలుగు భాగాలవుతుంది, ఒక భాగం ఆ అమ్మాయి డిపాజిట్‌లోంచే పోతుంది, ఎందుకంటే రిజిస్టరులో ఆమె పేరు ఇంకా 12లోనే ఉంది. అందుకే చేరిన రోజూ, గది మారిన రోజూ సామాను జాబితా చూసి, ముందే విరిగినవి అందులో రాయించాకే సంతకం పెట్టండి.

డిపాజిట్ రసీదు ఫీజు రసీదుతో కలిసి రాకూడదు, విడిగా అడగండి. "తిరిగి ఇవ్వబడును" అన్న మాట దానిమీద ఉందా చూడండి. మధ్యలో మానేస్తే ఎన్ని రోజుల ముందు రాసివ్వాలో, మెస్ బకాయి డిపాజిట్‌లో కోస్తారో లేదో నిబంధనల కాగితంలో ఉంటుంది. బిడ్డను తీసుకెళ్లిపోయి, రాసివ్వడం మరిచినవాళ్లకు ఆ రోజులకు కూడా మెస్ లెక్క పడుతుంది.

సెలవులకు బిడ్డను ఎవరితో పంపవచ్చో ఫారం చివరి పేజీలో ఫొటో, సంతకం అడిగాం. అక్కడ లేని బాబాయి వచ్చినా, బిడ్డ గుర్తుపట్టినా, మీరు ఫోన్ చేసినా పంపం.

మీ
ప్రధానోపాధ్యాయులు