పాత బొమ్మల్లోని బటన్ సెల్లు గురించి వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పౌరసరఫరాలు, వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, నేను అనంతపురం టవర్ క్లాక్ సమీపంలోని ఒక సందులో రేడియోలు, టార్చిలైట్లు, పిల్లల బొమ్మలు బాగుచేసి బతుకుతున్న వాణ్ణి. తోపుడుబండ్ల మీదా, పాత సామాను కొట్లలోనూ కొన్న బొమ్మలు, అమెరికాలో ఉన్న బంధువులు తమ పిల్లలు ఆడి వదిలేసినవి పెట్టెల్లో తెచ్చి ఇచ్చిన బొమ్మలు నా బల్ల మీదికి తరచుగా వస్తుంటాయి. ఖరీదైన కొత్త బొమ్మ కొనలేని ఇంటికి పాత బొమ్మ పెద్ద ఆసరా కాబట్టి, వాటిని అమ్మకూడదని నేను కోరడం లేదు. బిడ్డ చేతికి ఇచ్చే ముందు వాటిలో ఏమి చూడాలో కొనేవారికీ అమ్మేవారికీ తెలియజెప్పే ఏర్పాటు మీ శాఖ చేయాలని మాత్రమే కోరుతున్నాను.

మొన్న ఎండాకాలంలో బుక్కరాయసముద్రం నుంచి ఒక పెద్దమ్మ ఏడాదిన్నర మనవణ్ణి చంకన వేసుకుని, నూట యాభై రూపాయలకు కొన్న పాటల బొమ్మ ఒకటి తెచ్చి, ‘నాయనా, పొద్దున పాడింది, ఇప్పుడు పాడలేదు, సెల్లు వేసియ్యి’ అన్నది. బొమ్మను తిప్పి చూస్తే సెల్లు గది మూతకు ఉండాల్సిన స్క్రూ లేదు. ఎవరో అంటించిన టేపు ఒక పక్క ఊడి వేలాడుతోంది. మూత తీస్తే గది ఖాళీగా ఉంది. అందులో ఉండాల్సింది CR2032 అనే బటన్ సెల్లు, అంటే ఇరవై మిల్లీమీటర్ల వెడల్పుతో దాదాపు రూపాయి బిళ్లంత ఉండే లిథియం సెల్లు. పొద్దున పాట వచ్చిందంటే అప్పటికి సెల్లు లోపలే ఉన్నట్టు. మరి ఇప్పుడు అది ఎక్కడున్నట్టు? కొట్టు మూసి, వాళ్లను ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాను. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. సాయంత్రం ఆ సెల్లు ఇంట్లోనే చాప మడతలో దొరికింది. బిడ్డ అదృష్టం కొద్దీ దాన్ని నోట్లో పెట్టుకోలేదు.

మింగి ఉంటే ఏమయ్యేదో అందరికీ తెలియాలి. ఈ సెల్లు పగిలి లోపలి మందు కారితేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. అన్నవాహికలో ఇరుక్కున్న సెల్లు రెండు ధ్రువాల మధ్య అక్కడి తడి గుండా కరెంటు పారి, రుణధ్రువం వైపు గాఢమైన క్షారం పుట్టి, రెండు గంటల్లోనే లోపలి కండను కాల్చివేయగలదు. బొమ్మను పాడించలేనంతగా అయిపోయిన సెల్లుకు కూడా ఆ పాటి శక్తి మిగిలే ఉంటుంది. బిడ్డకు చొంగ కారడం, తిండి వద్దనడం, దగ్గు తప్ప వేరే గుర్తులు ఉండకపోవచ్చు కాబట్టి ఇంట్లో వాళ్లు జలుబనుకుని తెల్లవారేదాకా ఆగుతారు. మింగిందన్న అనుమానం వస్తే చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పోవాలి. అది నాణెం కాదు, సెల్లు అయి ఉండవచ్చని అక్కడి డాక్టరుకు ముందే చెప్పాలి, ఎందుకంటే ఎక్స్‌రేలో రెండూ గుండ్రంగానే కనబడతాయి. సెల్లు అయితే అంచు వెంబడి రెండో వలయం కనబడుతుంది.

అందువల్ల పాత బొమ్మ కొనేవారు రంగూ పాటా చూడకముందే దాన్ని బోర్లా తిప్పి సెల్లు గది చూడాలి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో ఆ గది స్క్రూడ్రైవర్ వంటి పనిముట్టు లేకుండా తెరుచుకోకూడదన్నది భద్రతా ప్రమాణం. స్క్రూ లేకపోయినా, అది మర తప్పి ఊరికే తిరుగుతున్నా, మూత అంచు విరిగినా ఆ బొమ్మ వద్దనాలి. టేపుతో చేసిన రిపేరును రిపేరు కింద లెక్కగట్టకూడదు. లోపల తెల్లటి పొడి పేరుకుని ఉంటే సెల్లు కారిందని అర్థం. అటువంటి దాన్ని నేను కూడా చేతికి తొడుగు లేకుండా ముట్టుకోను.

చిన్న ముక్కల సంగతి ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ప్రయోగశాలల్లో ఇందుకు 31.7 మిల్లీమీటర్ల వెడల్పు గల గొట్టాన్ని వాడతారు. పాత క్యాలెండర్ కాగితాన్ని సుమారు మూడు సెంటీమీటర్ల రెండు మిల్లీమీటర్ల నోరు వచ్చేలా చుట్టి అంటిస్తే మనకు అది చాలు. బొమ్మ చక్రాన్నీ, కన్నునూ, గుండీనీ గట్టిగా లాగి చూసి, ఊడి వచ్చినది ఆ గొట్టంలోకి దిగిపోతే మూడేళ్లలోపు బిడ్డకు ఆ బొమ్మ ఇవ్వకూడదు. ముక్కలు జతచేసి కట్టే బొమ్మల్లో ఒకటి తగ్గితే ఆట చెడుతుంది, అంతే. కానీ బొమ్మకు అతికి ఉండాల్సిన ముక్క ఊడిపోయి ఉంటే, ఆ చోట మొన తేలిందేమో వేలితో తడిమి చూడాలి.

శుభ్రం విషయంలో గట్టి ప్లాస్టిక్ బొమ్మను సబ్బునీళ్లతో కడిగి ఆరబెడితే సరిపోతుంది. సెల్లు ఉన్న బొమ్మను ముంచకుండా తడిగుడ్డతో తుడవాలి. పిసికితే నీళ్లు చిమ్మే రబ్బరు బొమ్మలను మాత్రం పాతవి కొనవద్దని నా మనవి. లోపల చేరిన నీటికి బూజు పడుతుంది, ఆ చిన్న రంధ్రం గుండా దాన్ని పూర్తిగా కడగడం ఎవరి వల్లా కాదు.

అయ్యా, ఇక మీ చేతిలో ఉన్న సంగతికి వస్తాను. బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. ఆ గుర్తుతో ఉండే CM/L నంబరును BIS Care యాప్‌లో కొట్టి లైసెన్సు నిజమో కాదో చూసుకోవచ్చు. అంతకు ముందు తయారైన బొమ్మకు ఆ గుర్తు లేకపోవచ్చు కాబట్టి, గుర్తు లేనంత మాత్రాన అది చెడ్డదని చెప్పలేము, మంచిదని నమ్మనూ లేము. దీనికన్నా పెద్ద లోటు మరొకటి ఉంది. తయారీలో లోపం బయటపడినప్పుడు కంపెనీలు బొమ్మలను వెనక్కి పిలుస్తాయి. 2007లో మాటెల్ కంపెనీ సీసం కలిసిన రంగు కారణంగానూ, ఊడిపోయే చిన్న అయస్కాంతాల కారణంగానూ లక్షలాది బొమ్మలను అలాగే వెనక్కి పిలిచింది. ఇటువంటి అయస్కాంతాలు రెండు మింగితే అవి పేగు గోడల మీదుగా ఒకదాన్నొకటి లాక్కుని రంధ్రం చేయగలవు. వెనక్కి పిలిచే కబురు మొదట కొన్నవారికే చేరడం కష్టం, ఇక రెండో చేతికీ మూడో చేతికీ చేరే దారే లేదు. అమెరికా నుంచి పెట్టెలో వచ్చిన బొమ్మైతే అట్ట డబ్బా కూడా ఉండదు. ఇంగ్లీషు వచ్చినవారు బొమ్మ అడుగునో, సెల్లు గదిలోనో, గుడ్డబొమ్మ చీటీ మీదో ఉండే మోడల్ నంబరు పట్టుకుని అమెరికా భద్రతా సంస్థ వెబ్‌సైటు cpsc.gov/Recalls లోనో, పలు దేశాల జాబితా ఉండే globalrecalls.oecd.org లోనో వెదకగలరు. బుక్కరాయసముద్రం పెద్దమ్మ ఎక్కడ వెదకాలి?

ప్రమాదకరమైన సరుకును వెనక్కి పిలిపించే అధికారం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 20వ సెక్షన్ కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. దాన్ని మీరు ఇక్కడి నుంచి నడపలేకపోవచ్చు. కానీ వెనక్కి పిలిచిన బొమ్మల ఫొటోలనూ మోడల్ నంబర్లనూ తెలుగులో ఒకచోట పెట్టి, ఆ జాబితాను అంగన్‌వాడీలకూ రేషన్ దుకాణాలకూ పంపించడం మీ శాఖకు సాధ్యమే. స్క్రూ లేని సెల్లు గదితో ఉన్న బొమ్మను అమ్మవద్దని పాత సామాను వ్యాపారులకు కలెక్టర్ల ద్వారా ఆదేశం ఇప్పించవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి మోడల్ నంబరు చెప్పినవారికి ఆ బొమ్మను వెనక్కి పిలిచారో లేదో తెలుగులో జవాబు దొరికేలా కేంద్రంతో మాట్లాడవచ్చు.

ఆ పెద్దమ్మ బొమ్మకు నేను సరైన స్క్రూ వెదికి బిగించి, కొత్త సెల్లు వేసి ఇచ్చాను. ఆ స్క్రూ ఖరీదు రెండు రూపాయలు.

ఇట్లు,
టవర్ క్లాక్ సందులోని ఒక రిపేరు పనివాడు,
అనంతపురం.