సామాజిక భవనం జమాఖర్చులు 2024-25: కోర్టు కేసుకు రాసిన రూ. 2,54,880 సంగతి

ఊరి పెద్దలకు, దాతలకు, బయటి ఊళ్ల నుంచి, గల్ఫ్ నుంచి చందాలు పంపిన మన పిల్లలకు కమిటీ నమస్కారాలు. మీ దయవల్లే కోనసీమలో మన ఊరికి కూడా ఒక మంచి హాలు వచ్చింది. 31 మార్చి 2025తో ముగిసిన ఏడాది లెక్కలివి.

ఆరంభ నిల్వ రూ. 3,12,400. చందాలు 6,45,000, హాలు అద్దెలు 1,18,000, బ్యాంకు వడ్డీ 9,600.

ఖర్చులు: భోజనాల షెడ్డు 4,38,000, మరుగుదొడ్లు 1,46,000, కరెంటు, వాచ్‌మన్ జీతం 71,500, లాయరు ఫీజు, కోర్టు ఖర్చులు 32,000.

ముగింపు నిల్వ రూ. 3,97,500. పాస్‌బుక్‌తో సరిపోయింది. బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి.

గొడవంతా ఆదాయ వ్యయాల పట్టికలో కనిపించే ఇంకో పద్దు గురించి: "కోర్టు కేసుకు కేటాయింపు రూ. 2,54,880". ఈ డబ్బు ఎవరికిచ్చారని చాలామంది అడుగుతున్నారు. ఎవరికీ ఇవ్వలేదు. అందుకే జమాఖర్చుల్లో ఈ పద్దు లేదు, బ్యాంకు నిల్వా తగ్గలేదు. ఇవ్వాల్సి వచ్చేలా ఉంది కాబట్టి ఈ ఏడాది వ్యయంగా రాసి, ఆస్తి అప్పుల పట్టికలో బాకీ వైపు చూపించాం.

కేసు చాలామందికి తెలిసిందే. మనది ఒండ్రు నేల. నాలుగు మీటర్ల లోతున గట్టి నేల తగల్లేదని కాంట్రాక్టరు పునాదికి 36 పైల్స్‌ని ఆరు మీటర్ల దాకా దింపాడు. అదనంగా దిగిన 72 మీటర్లకు, మీటరు రూ. 3,000 చొప్పున 2,16,000 అడిగాడు. అదనపు పనికి రాతపూర్వక అనుమతి ఉండాలని అగ్రిమెంటులో ఉంది, అది లేదు కాబట్టి మేం ఇవ్వలేదు. ఊరి డబ్బు అడిగిన వెంటనే ఇచ్చేస్తే మమ్మల్ని ఏమనేవారు? 2024 ఫిబ్రవరిలో అతను దావా వేశాడు. ఆ మార్చికి గెలుస్తామో ఓడతామో లాయరు గారు కూడా కచ్చితంగా చెప్పలేని పరిస్థితి. గెలుపు అవకాశాలే కాస్త ఎక్కువన్నారు. అందుకే పోయినేడు ఖర్చు రాయకుండా, లెక్కల కింద కేసు వివరం మాత్రం ఇచ్చాం. పోయినేడు కేసు సంగతి దాచారని కొందరన్న మాట మాత్రం మాకు బాధ కలిగించింది. ఆ పేజీ ఇప్పటికీ నోటీసు బోర్డు మీద ఉంది.

ఈ ఏడాది పరిస్థితి మారింది. కోర్టు వేసిన కమిషనర్ ఇంజనీరును వెంటబెట్టుకుని వచ్చి సైటు రిజిస్టరు చూశారు. ప్రతి పైల్ ఎదురుగా "6 మీ." అని రాసి ఉంది, పక్కన మన తరఫు సూపర్‌వైజరు పొట్టి సంతకం ఉంది. సిమెంటు బస్తాల లెక్కా దానికే సరిపోయింది. ఉచితంగా చేయని పనివల్ల లాభం పొందినవాళ్లు దానికి విలువ కట్టివ్వాలని కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. అనుమతి కాగితం లేదన్న మన వాదన నిలవడం కష్టమని, ఓడే అవకాశమే ఎక్కువని లాయరు గారు రాతపూర్వకంగా ఇచ్చారు.

హాలు అద్దెకిస్తున్నాం కాబట్టి మన లెక్కలకు అకౌంటింగ్ స్టాండర్డ్ 29 వర్తిస్తుందని ఆడిటర్ గారు చెప్పారు. జరిగిపోయిన పని వల్ల వచ్చిన బాధ్యతై, డబ్బు కట్టాల్సి వచ్చే అవకాశమే ఎక్కువై, ఎంతో నమ్మకంగా అంచనా కట్టగలిగితే కేటాయించి తీరాలి. ఇక్కడ మూడూ ఉన్నాయి. అసలు 2,16,000, అగ్రిమెంటు ప్రకారం ఆలస్యమైన బిల్లుకు 9 శాతం వడ్డీ, 2023 ఏప్రిల్ నుంచి రెండేళ్లకు 38,880. సగం రాస్తే సరిపోదా అని కొందరన్నారు. ఒకే కేసు, ఒకే బాకీ అయినప్పుడు జరిగేందుకు ఎక్కువ వీలున్న మొత్తాన్నే రాయాలి. ఓడితే కోర్టు సగం కట్టమనదు.

అదే దావాలో అతను ఇంకో లక్షన్నర అడిగాడు. మనం స్థలం ఆలస్యంగా అప్పగించడంతో తన మిషనూ కూలీలూ ఖాళీగా ఉన్నారట. దీనికి ఒక్క బిల్లూ పెట్టలేదు. ఇది నిలవకపోవచ్చని, అలాగని పూర్తిగా కొట్టిపారేయలేమని లాయరు గారి మాట. కాబట్టి దీన్ని ఖర్చు రాయలేదు, వివరణలో మాత్రం చెప్పాం. శ్లాబు కారుతున్నందుకు మనం ఎదురు అడిగిన రూ. 60,000నూ కేటాయింపులోంచి తగ్గించలేదు. అది వస్తుందని దాదాపు ఖాయమైతే తప్ప లెక్కలోకి తీసుకోకూడదు.

పద్దు రాస్తే కేసులో ఓటమి ఒప్పుకున్నట్టేనని భయపడేవారికి ఒక మాట. ఇది మన అంచనా, ఒప్పుకోలు కాదు. వాదన ఆపలేదు. లాయరు గారి ఉత్తరం మాత్రం అవతలివాళ్ల చేతికి వెళ్లకూడదని నోటీసు బోర్డు మీద అంటించలేదు. తీర్పు మనవైపు వస్తే ఈ మొత్తాన్ని తిరిగి ఆదాయం వైపు రాస్తాం. అప్పటిదాకా ఏటా వడ్డీ 19,440 పెరుగుతుంది.

పద్దు రాసినంత మాత్రాన డబ్బు పక్కన ఉండదు కదా, అందుకే రూ. 2,55,000 వేరే ఫిక్సెడ్ డిపాజిట్లో వేశాం. మిగిలింది 1,42,500. ప్రహరీ గోడ ఆగింది అందుకే. గోడ కట్టేసి, తీర్పు వచ్చాక మళ్లీ ఇంటింటికీ తిరగడం మాకు ఇష్టం లేదు. మాట ఇచ్చి ఇంకా కట్టని చందాలు 1,35,000 ఉన్నాయి. పేర్లు రాయడం లేదు, దయచేసి దసరాలోపు కట్టండి. అవి వస్తే తూర్పు వైపు గోడైనా మొదలుపెడతాం. రిజిస్టరు, డిపాజిట్ రసీదు ఆదివారం ఉదయం హాల్లో ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు.